ప్రెస్ మెషిన్‌లో వేళ్లు పోతే పరిహారం ఎంత: రెండు లక్షలు సరైన లెక్కేనా?

ప్రశ్న: మా తమ్ముడిది శ్రీకాకుళం జిల్లా. హైదరాబాద్ బాలానగర్‌లో ఏడుగురు పనిచేసే చిన్న ప్రెస్ షాపులో పవర్ ప్రెస్ ఆపరేటర్‌గా చేసేవాడు. 2024 ఆగస్టు 12న కుడిచెయ్యి చూపుడు వేలు మొదలంటా, మధ్య వేలు రెండు కణుపులు పోయాయి. ఉంగరపు వేలు పూర్తిగా ముడుచుకోదు. జీతం 10,500, పైన ఓటీ, అటెండెన్స్ డబ్బులు 600. ఈఎస్‌ఐ లేదు. ఆస్పత్రి ఖర్చు 68,000 ఓనరే పెట్టాడు, ఇంటికి మూడు నెలలు ఐదేసి వేలు పంపాడు. ఇప్పుడు 18 నెలలైంది. రెండు లక్షలు ఇస్తాను, బాండ్ పేపర్ మీద సంతకం పెట్టమంటున్నాడు, అదే చట్టప్రకారం లెక్క అంటున్నాడు. తమ్ముడి సదరం సర్టిఫికెట్‌లో 38 శాతం ఉంది. పదో తరగతి మెమోలో పుట్టినతేదీ 20-08-1994, ఆధార్‌లో 01-01-1994. రెండు లక్షలకు ఒప్పుకోవచ్చా?

సమాధానం:

ఒప్పుకోకండి. అయితే ఆ రెండు లక్షలు ఓనర్ నోటికొచ్చి చెప్పిన అంకె అయి ఉండదు. ఎవరో లెక్క తెలిసినవాళ్లే వేసిచ్చినట్టున్నారు. నెలజీతం 8,000, వయసు 30, పోయినవి రెండు వేళ్లు కాబట్టి 20 శాతం అనుకుని లెక్కవేస్తే 1,99,661 వస్తుంది. అదే మీ ముందు పెట్టిన రెండు లక్షలు. సూత్రంలో తప్పు లేదు, అందులో పెట్టిన మూడు అంకెలూ తప్పు. మూడింటినీ సరిచేస్తే దాదాపు రెట్టింపు అవుతుంది, వడ్డీ దానికి అదనం.

ముందు ఒక్కటి తేల్చుకోండి. జీతం స్లిప్పులో గానీ బ్యాంకు ఖాతాలో పడిన డబ్బులో గానీ 0.75 శాతం ఈఎస్‌ఐ కోత ఎప్పుడైనా ఉందా? ఈఎస్‌ఐలో నమోదైన కార్మికుడైతే ఈ దారి మూసుకుపోతుంది. ఓనర్ నుంచి పరిహారం అడగడానికి ఈఎస్‌ఐ చట్టం సెక్షన్ 53 ఒప్పుకోదు, శాశ్వత వైకల్యం పింఛను ఈఎస్‌ఐ నుంచే తీసుకోవాలి. షాపులో ఏడుగురే కాబట్టి ఈఎస్‌ఐ వర్తించకపోతే మీ తమ్ముడు ఉద్యోగుల పరిహార చట్టం, 1923 కిందికి వస్తాడు. కరెంటుతో నడిచే యంత్రాల మీద వస్తువు తయారయ్యే చోటు అయితే చాలు, ఎంతమంది పనిచేస్తున్నారన్నది అడ్డు రాదు.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కదా అని ఎవరైనా కంగారు పెట్టవచ్చు. ప్రమాదం అంతకు ముందే జరిగింది, పరిహారం పొందే హక్కు ఆనాడే పుట్టింది. కాబట్టి దరఖాస్తులో ప్రమాదం తేదీని మొదటి పేరాలోనే రాసి, 1923 చట్టం ప్రకారం అడుగుతున్నట్టు స్పష్టంగా పేర్కొనండి. శాశ్వత పాక్షిక వైకల్యానికి లెక్కగట్టే పద్ధతి కోడ్‌లోనూ ఇదే.

ఆ పద్ధతి ఇది. నెలజీతంలో 60 శాతం తీసుకుని, దాన్ని వయసును బట్టి నాలుగో షెడ్యూల్లో ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. మనిషి అసలే పని చేయలేని స్థితికి వస్తే ఇచ్చే మొత్తం అది. కొంత సంపాదన శక్తే పోయినప్పుడు అందులో అంత శాతం ఇస్తారు. అంటే వాదించుకోవాల్సినవి జీతం, వయసు, శాతం, ఈ మూడే. వీటిలో అందరూ శాతం దగ్గరే కొట్టుకుంటారు గానీ మీ కేసులో ఎక్కువ డబ్బు పోతున్నది జీతం దగ్గర.

జీతం సంగతి చూద్దాం. 8,000 అనేది 2010 మే 31 నుంచి ఉన్న పాత పరిమితి. కేంద్రం 2020 జనవరి 3న దాన్ని 15,000 చేసింది. ఆరేళ్లు దాటినా కొందరు ఏజెంట్లు పాత అంకెతోనే లెక్కలు ఇస్తున్నారు. తెలియక ఇస్తున్నారా, తెలిసే ఇస్తున్నారా అన్నది మీరే ఊహించుకోండి. 2024లో జరిగిన ప్రమాదానికి 8,000 అనే మాటే రాకూడదు.

అలాగని 10,500 కూడా సరైన అంకె కాదు. అది బేసిక్ మాత్రమే. ఈ చట్టంలో జీతం అంటే డబ్బుగా లెక్కగట్టగల ప్రతి ప్రయోజనమూ వస్తుంది. తీసేయాల్సినవి ప్రయాణ భత్యం, పీఎఫ్‌కు యజమాని కట్టే వాటా, పని కోసం అయ్యే ప్రత్యేక ఖర్చులకిచ్చే డబ్బు. ఓటీ ఈ జాబితాలో లేదు, అటెండెన్స్ డబ్బులూ లేవు. షాపు వెనక గది ఉచితంగా ఇచ్చి ఉంటే దాని అద్దె విలువను కూడా కలపమని అడగవచ్చు, కాకపోతే ఆ చుట్టుపక్కల అలాంటి గదికి ఎంత అద్దె ఉందో చూపించాలి.

సెక్షన్ 5 ప్రకారం, ప్రమాదానికి ముందు 12 నెలలు ఆగకుండా పనిచేసి ఉంటే, ఆ 12 నెలల్లో వచ్చిందంతా కూడి 12తో భాగించాలి. చివరి నెల జీతం ఒక్కటే చూడరు. మీరు ఓటీ ఎంతో రాయలేదు, కాబట్టి ఏడాదికి 31,200 అనుకుని లెక్క చూపిస్తాను, అసలు అంకె వచ్చాక దాని స్థానంలో పెట్టుకోండి. బేసిక్ 1,26,000, ఓటీ 31,200, అటెండెన్స్ 7,200 కలిపితే 1,64,400. నెలకు 13,700.

ఇక్కడ మన ఊళ్ల నుంచి వెళ్లేవాళ్లకు తగిలే మెలిక ఒకటుంది. పనికి వరసగా 14 రోజులకు మించి రాకపోతే ఆ సర్వీసు తెగిపోయినట్టు చట్టం చూస్తుంది. సంక్రాంతికి ఇంటికొచ్చి ఇరవై రోజులు ఉండిపోయి ఉంటే 12 నెలల లెక్క కుదరదు. అప్పుడు తిరిగి పనిలో చేరిన రోజు నుంచి ప్రమాదం ముందురోజు వరకూ వచ్చిన మొత్తాన్ని 30తో హెచ్చించి, ఆ మధ్య ఉన్న రోజులతో భాగిస్తారు. జనవరి 25న తిరిగి చేరాడనుకుంటే ఆగస్టు 11 వరకు సరిగ్గా 200 రోజులు. ఆ కాలంలో 91,600 సంపాదిస్తే నెలజీతం 13,740 అవుతుంది. పెద్ద తేడా ఏమీ రాలేదు చూడండి. కానీ అవతలి లాయరు హాజరు పుస్తకం తెచ్చి 'మధ్యలో మానేశాడు, కాబట్టి ఏడాది జీతం లెక్క చెల్లదు' అన్నప్పుడు మీ దగ్గర రెండో లెక్క సిద్ధంగా ఉండాలి. లేకపోతే చేతిలో మిగిలేది ఓనర్ చెప్పిన అంకే.

జీతం 15,000 దాటినవాళ్లకు మాత్రం ఇబ్బంది ఉంది. పరిహారం లెక్కలో అంతకు మించి తీసుకోకూడదని ఇన్సూరెన్స్ కంపెనీలు వాదిస్తాయి, ఈ కేసులు విచారించే కార్మిక శాఖ కమిషనర్ల దగ్గర ఎక్కువగా నడిచేదీ అదే. మీ తమ్ముడి జీతం ఆ గీతకు లోపలే ఉంది కాబట్టి ఆ గొడవ మీకు లేదు. తక్కువ జీతం ఉన్నా 15,000 తోనే లెక్క వేయాలని వాదించేవాళ్లూ ఉన్నారు. ప్రత్యామ్నాయంగా అడగడంలో నష్టం లేదు గానీ, కేసును దాని మీద నిలబెట్టకండి. రుజువుతో వచ్చిన 13,700 గట్టి నేల.

రుజువు అంటే ఏముంటుందని అంటారు, చిన్న షాపుల్లో అపాయింట్‌మెంట్ లెటరూ ఉండదు, స్లిప్పూ ఉండదు. బ్యాంకులోకి గానీ ఫోన్‌పేలోకి గానీ ఓనర్ ఖాతా నుంచి పడిన ప్రతి మొత్తం తేదీతో సహా కావాలి, అందుకే ఏడాదిన్నర స్టేట్‌మెంట్ బ్యాంకు ముద్రతో తీసుకోండి. ఓటీ చేతికిచ్చి ఉంటే, గంటలు రాసుకున్న చిట్టా పుస్తకం ఫొటోలు, 'ఈ రోజు నైట్ ఉండు' లాంటి వాట్సాప్ మెసేజులు, పక్క మెషిన్ మీద పనిచేసిన ఒకరి సాక్ష్యం పనికొస్తాయి. హాజరు, జీతాల రిజిస్టర్లు తెమ్మని ఓనర్‌ను ఆదేశించమని కమిషనర్‌కు విడిగా ఒక దరఖాస్తు పెట్టండి. తేకపోతే అది ఆయనకే ఎదురు తిరుగుతుంది.

వయసు విషయం చిన్నదే. పరిహారం ఇవ్వాల్సిన తేదీకి ముందు గడిచిన పుట్టినరోజు నాటికి నిండిన ఏళ్లు చూడాలి. నాలుగు రోజుల్లో పుట్టినరోజు ఉన్నా సరే, నిండలేదంటే నిండలేదు. ఆ తేదీ ప్రమాదం జరిగిన రోజే. ఆర్డర్ వచ్చిన రోజు కాదని 1976లో ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ కేసులో సుప్రీంకోర్టు నలుగురు జడ్జిల ధర్మాసనం చెప్పింది. పదో తరగతి మెమో ప్రకారం ఆగస్టు 12 నాటికి మీ తమ్ముడికి 29 నిండాయి, ముప్ఫైకి ఇంకా ఎనిమిది రోజులుంది. 29కి గుణకం 209.92, 30కి 207.98. ఆధార్‌లో జనవరి 1 అని పడింది కాబట్టి వాళ్లు 30 వేసుకున్నారు. పుట్టిన సంవత్సరం మాత్రమే చెప్పినవాళ్లకు ఆధార్‌లో అలా పడడం మామూలే. తేడా మూడు నాలుగు వేల రూపాయలు, దానికోసం వాయిదాలు పెంచుకోవద్దు, మెమో జిరాక్స్ దరఖాస్తుకు జతచేస్తే సరిపోతుంది. అసలు సమస్య వచ్చేది ఆధార్‌లో ఐదారేళ్లు ఎక్కువ పడ్డ పెద్దవాళ్లకు. 40 ఏళ్లకు 184.17 ఉన్న గుణకం 45కి 169.44కి, 50కి 153.09కి పడిపోతుంది.

ఇక శాతం. దీన్ని కాస్త నెమ్మదిగా చదవండి, ఎక్కువమంది పొరబడేది ఇక్కడే.

సదరం సర్టిఫికెట్‌లోని 38 శాతాన్ని పక్కన పెట్టండి. అది శరీరం ఎంత దెబ్బతిన్నదో చెప్పే అంకె. పింఛనుకు, బస్సు పాసుకు పనికొస్తుంది. పరిహార చట్టం అడిగేది వేరు, సంపాదించే శక్తి ఎంత పోయిందని. దీనికి మొదటి షెడ్యూల్ రెండో భాగంలో ఏ అవయవం ఎక్కడిదాకా పోతే ఎంత శాతమో జాబితా ఉంది. ఆ జాబితాలో ఉన్న గాయమైతే డాక్టరు కొత్తగా తేల్చేదేమీ లేదు, జాబితాలో ఉన్న అంకే. లేని గాయానికే అర్హత ఉన్న డాక్టరు అంచనా వేస్తాడు, అదీ జాబితాలోని అంకెలను దృష్టిలో పెట్టుకుని.

వేళ్ల విషయంలో జాబితా ఇలా ఉంటుంది. చూపుడు వేలు మొత్తం పోతే 14, రెండు కణుపులు పోతే 11, ఒక కణుపు పోతే 9, ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5. మధ్య వేలికి ఇవే వరసగా 12, 9, 7, 4. ఉంగరపు వేలికైనా చిటికెన వేలికైనా 7, 6, 5, 2. బొటనవేలు వేరు, అది మొత్తం పోతే 30. కుడిచెయ్యా ఎడమచెయ్యా అన్న తేడా లేదు, కుడిచేతి వాటం మనిషికి ఇది అన్యాయంగానే అనిపిస్తుంది, కానీ జాబితా రాత అంతే.

మీ తమ్ముడికి చూపుడు వేలు మొత్తం 14, మధ్య వేలు రెండు కణుపులు 9. ఒకే ప్రమాదంలో ఒకటికి మించిన గాయాలైతే శాతాలు కూడాలని సెక్షన్ 4 వివరణలోనే ఉంది. మొత్తం 23.

మరి 20 ఎక్కడిది? అదే జాబితాలో 'ఒక చేతి రెండు వేళ్లు పోతే 20' అని ఇంకో వరస ఉంది. ఇన్సూరెన్స్ వాళ్లకు ఇష్టమైన వరస అది. నిజానికి జాబితాలోనే ఈ పేచీ ఉంది: చూపుడు, మధ్య వేళ్లు రెండూ పూర్తిగా పోతే విడివిడిగా 26 వస్తుంది, కలిపి చూస్తే 20. ఉంగరపు, చిటికెన వేళ్లయితే విడివిడిగా 14, కలిపితే 20. మీ కేసులో మధ్య వేలు పూర్తిగా పోలేదు, మొదటి కణుపు మిగిలింది. కాబట్టి 'రెండు వేళ్లు పోయాయి' అనే వరస అసలు అతకదు, విడి వరసలే వర్తిస్తాయని వాదించండి.

దీనికి ఆధారం ఎక్స్‌రే, డిశ్చార్జి సమ్మరీ. అందులో ఎంసీపీ కీలు దగ్గర తీసేశామని ఉంటే వేలు మొత్తం పోయినట్టు. పీఐపీ కీలు దగ్గర అంటే పై రెండు కణుపులు పోయినట్టు. డీఐపీ కీలు దగ్గర అంటే గోరు ఉన్న చివరి కణుపు ఒక్కటే. చాలా సమ్మరీల్లో ఇవేమీ ఉండవు, 'క్రష్ ఇంజురీ, స్టంప్ క్లోజర్' అని ఊరుకుంటారు. ఇంకా ఘోరం, ఎముక పోయినా వేలికొస గాయం అని రాసేస్తారు, చూపుడు వేలికి 9 రావాల్సింది 5 అవుతుంది. ఇప్పుడు చెయ్యి నయమైంది కాబట్టి రెండు చేతులకూ పక్కపక్కన కొత్తగా ఎక్స్‌రే తీయించండి. ఏ ఎముక ఉందో, ఏది లేదో దాంట్లో వాదనకు తావుండదు.

ఉంగరపు వేలు ముడుచుకోకపోవడం జాబితాలో లేని గాయం. దీన్ని వదిలేయకండి, అలాగని ఆశ కూడా పెంచుకోకండి. ఆ వేలు మొత్తం పోయినా 7 శాతమే. పూర్తిగా, శాశ్వతంగా ఉపయోగం పోతే పోయినట్టే లెక్క అని షెడ్యూల్ కింద గమనిక ఉంది, కానీ మీ తమ్ముడి వేలు కొంత ముడుచుకుంటోంది. రెండో మూడో శాతం వస్తే న్యాయమే. ఆపరేషన్ చేసిన ఎముకల డాక్టర్‌తోనే సర్టిఫికెట్ రాయించండి, అందులో ఆ కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో, అది ప్రెస్ మీద షీటు పట్టుకోవడానికి ఎలా అడ్డొస్తోందో, దానివల్ల 'సంపాదన శక్తి నష్టం ఇంత శాతం' అనీ రాయాలి. వైకల్యం శాతం అని మాత్రమే రాస్తే సదరంకు పట్టిన గతే దీనికీ పడుతుంది. అవతలి పక్షం ఒప్పుకోకపోతే డాక్టర్ వచ్చి సాక్ష్యం చెప్పాల్సి ఉంటుంది, కాబట్టి ముందే అడిగి పెట్టుకోండి. సర్టిఫికెట్ ఇచ్చి సాక్ష్యానికి రాని డాక్టర్ వల్ల ఆ అదనపు శాతం కొట్టేసే అవకాశం ఎక్కువ.

ఇక ప్రెస్ పనే చేయలేడు కదా, నూటికి నూరు అడగవచ్చా అంటే, పైన చెప్పిన 1976 కేసులో వడ్రంగికి నూరు శాతం దక్కింది నిజమే. అతనికి ఎడమ చెయ్యి మోచేతి పైకి తీసేశారు, వడ్రంగం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. రెండు వేళ్లకు ఆ తీర్పు చూపిస్తే నిలబడదు. అతిగా అడిగిన అర్జీలో మిగతా అంకెలను కూడా అనుమానంగా చూస్తారు.

లెక్క ఇప్పుడు ఇలా వస్తుంది.

```
ఓనర్ లెక్క
8,000 × 60% = 4,800
4,800 × 207.98 = 9,98,304
9,98,304 × 20% = 1,99,660.80

సరైన లెక్క
13,700 × 60% = 8,220
8,220 × 209.92 = 17,25,542.40
17,25,542.40 × 23% = 3,96,874.75
```

ఈ తేడాలో జీతం సరిచేయడం వల్లే 1,42,000 పైన వచ్చింది. వయసు వల్ల సుమారు 3,200, శాతం వల్ల 51,800 దాకా వచ్చాయి. ఉంగరపు వేలికి ఒక్కో శాతం కలిసినప్పుడల్లా 17,255 రూపాయలు పెరుగుతుంది. మూడు శాతం కలిస్తే మొత్తం 4,48,641.

దీనికి వడ్డీ. పరిహారం ప్రమాదం రోజునే బాకీ పడుతుంది, నెల లోపు కట్టకపోతే ఏడాదికి కనీసం 12 శాతం సాధారణ వడ్డీ. వడ్డీని ప్రమాదం తేదీ నుంచే లెక్కించాలని సుప్రీంకోర్టు తీర్పులు చెబుతున్నాయి, ఆర్డర్ తేదీ నుంచి వేస్తే అభ్యంతరం చెప్పండి. 3,96,874 మీద నెలకు 3,968 పైచిలుకు, 18 నెలలకు 71,437. అంటే ఈరోజుకు 4,68,312. కట్టకుండా లాగడానికి సరైన కారణం లేదని తేలితే, ఓనర్‌కు షోకాజ్ ఇచ్చి పరిహారంలో సగం వరకు జరిమానా వేయవచ్చు. అదీ కార్మికుడికే వస్తుంది. అయితే 'సగం వరకు' అన్న మాట గుర్తుంచుకోండి, వచ్చేదాకా దాన్ని లెక్కలో వేసుకోకండి. ఓనర్‌కు పాలసీ ఉంటే ఇన్సూరెన్స్ కంపెనీని కూడా పార్టీగా చేర్చండి, కానీ జరిమానా మాత్రం ఓనర్ జేబులోంచే.

ఆస్పత్రికి పెట్టిన 68,000 ఇందులోంచి తగ్గించుకుంటానంటే కుదరదు. వైద్యానికి పెట్టినది పరిహారం కిందకు రాదు. పైగా పని వల్ల తగిలిన గాయానికి అయిన అసలు వైద్య ఖర్చు భరించడం 2009 సవరణ తర్వాత ఓనర్ బాధ్యత. మందులకు, ఫిజియోథెరపీకి మీరు పెట్టిన బిల్లులుంటే వాటినీ కలిపి అడగండి. ఇంటికి పంపిన 15,000 సంగతి వేరు. పరిహారం కింద పంపానని ఆయన చూపించగలిగితే అది తగ్గుతుంది, నిజాయితీగా అర్జీలోనే రాసేయడం మంచిది. దాచి తర్వాత బయటపడితే ఓటీ అంకెనూ నమ్మరు.

'చూసుకోకుండా చెయ్యి పెట్టాడు, తప్పు వాడిదే' అనే వాదన తప్పకుండా వస్తుంది. అజాగ్రత్త పరిహారాన్ని ఆపదు. తాగి ఉండడం వల్లే జరిగిందని గానీ, భద్రత కోసం పెట్టిందని తెలిసీ మెషిన్‌కున్న గార్డును తనే కావాలని తీసేశాడని గానీ, భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించాడని గానీ ఓనర్ రుజువు చేయాలి. చాలా ప్రెస్ షాపుల్లో స్ట్రోకులు తగ్గుతాయని గార్డు బిగించనే బిగించరు, రెండు చేతులతో నొక్కే స్విచ్ స్థానంలో కాలి పెడల్ పెడతారు. లేని గార్డును తీసేయడం ఎలా కుదురుతుంది? ఆ మెషిన్ ఫొటో ఏదైనా, పాత సెల్ఫీ అయినా, తమ్ముడి ఫోన్‌లో ఉంటే భద్రపరచండి.

దానికన్నా ప్రమాదకరమైనది ఆస్పత్రి కాగితం. మొదటి రోజు కేస్ షీట్‌లో గాయం ఎలా తగిలిందని రాశారో చూడండి. పోలీసు కేసు కాకూడదని షాపు వాళ్లు 'ఇంట్లో తలుపు పడింది', 'బండి చైన్‌లో పడింది' అని చెప్పించడం కద్దు. అలా ఉంటే పనిలో జరిగిందని నిరూపించే భారం రెట్టింపవుతుంది. పోలీసులకు తెలిపే కేసుగా ఆస్పత్రి రాసుకునే ఎంఎల్‌సీ రికార్డు నకలు, కేస్ షీట్ నకలు ఆస్పత్రికి రాతపూర్వకంగా అర్జీ పెట్టి తీసుకోండి. ఓనర్ కట్టిన ఆస్పత్రి బిల్లు, ఆయన ఖాతా నుంచి వెళ్లిన డబ్బు కూడా మీకు సాక్ష్యమే. సంబంధం లేనివాడి వేళ్లకు 68,000 ఎవరు కడతారు?

బాండ్ పేపర్ విషయానికొస్తే, హక్కు వదులుకుంటున్నట్టు రాసిన ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. ఇద్దరూ ఒక మొత్తానికి ఒప్పుకున్నా ఆ ఒప్పందాన్ని సెక్షన్ 28 కింద కమిషనర్ దగ్గర నమోదు చేయించాలి. మొత్తం తక్కువగా ఉందనిపిస్తే కమిషనర్ నమోదుకు నిరాకరించవచ్చు. నమోదుకు పంపకపోతే ఓనర్ పూర్తి పరిహారానికి బాధ్యుడవుతాడు, ఇచ్చినదాంట్లో మామూలుగా సగానికి మించి తగ్గించుకోలేడు కూడా. ఈ మాట ఓనర్‌కు ఒకసారి చెప్పి చూడండి. రాజీ ఇష్టమైతే కమిషనర్ ముందే, సరైన లెక్క మీద చేసుకుందామనండి. ఈలోగా ఖాళీ కాగితం మీద గానీ, 'పూర్తి చెల్లింపు అందింది' అన్న రసీదు మీద గానీ సంతకం పెట్టొద్దు. చెల్లని కాగితమే అయినా, చెల్లదని నిరూపించడానికి ఏడాది పడుతుంది.

దరఖాస్తుకు రెండేళ్ల గడువు, 2026 ఆగస్టు 12తో నిండుతుంది. సరైన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు గానీ, ఆ అవసరం తెచ్చుకోవడమెందుకు. రాజీ మాటలు నడుస్తున్నాయని గడువు ఆగదు, ఓనర్లు నెమ్మదిగా మాట్లాడేది చాలాసార్లు అందుకే. రెండు రాష్ట్రాల్లోనూ కార్మిక శాఖ డిప్యూటీ కమిషనరో అసిస్టెంట్ కమిషనరో ఈ పరిహార కమిషనర్‌గా ఉంటారు. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు. మీ తమ్ముడు ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంటున్నాడు కాబట్టి సెక్షన్ 21 ప్రకారం శ్రీకాకుళంలోనే వేయవచ్చు, అక్కడి నుంచి హైదరాబాద్ కమిషనర్‌కూ తెలంగాణ ప్రభుత్వానికీ నోటీసు వెళ్తుంది. రానుపోను ఖర్చు మిగులుతుంది. కానీ సాక్షి బాలానగర్‌లో ఉన్నాడు, ఆపరేషన్ చేసిన డాక్టర్ కూడా హైదరాబాద్‌లోనే అయి ఉంటాడు. వాళ్లు శ్రీకాకుళం వస్తారన్న నమ్మకం లేకపోతే హైదరాబాద్‌లోనే వేయడం మేలని నా అభిప్రాయం. జీతం రుజువు, ఉంగరపు వేలి శాతం రెండూ ఆ ఇద్దరి మీదే ఆధారపడి ఉన్నాయి.

ముందుగా ఓనర్‌కు స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి: ప్రమాదం తేదీ, గాయం, 13,700 లెక్క, 23 శాతం, అడుగుతున్న మొత్తం, 15 రోజుల గడువు. రసీదు, అందినట్టు వచ్చే రుజువు దాచండి. బదులు రాకపోయినా, మళ్లీ రెండు లక్షలే అన్నా, ఆ పదహారో రోజున దరఖాస్తు పడాలి.